వస్తామన్నవాళ్లలో రానివాళ్లెందరు?

పేరు ఇవ్వడం వేరు, రావడం వేరు. పెళ్లి భోజనాలకు విస్తళ్లు లెక్కవేసే పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. పిలిచింది ఎంతమందినో ఒక లెక్క, వండించేది ఎంతమందికో ఇంకో లెక్క. రెండూ ఒకటే అనుకున్న ఇంట్లో అన్నమైనా మిగిలిపోతుంది, చివరి పంక్తికి కూరైనా చాలదు.

మా బడిలో ఈ లెక్క తోలుబొమ్మల కార్యశాల దగ్గర ఎదురవుతుంది. ఏడాదికి రెండుసార్లు, శనివారం ఉదయం, తెలుగు పిల్లలతో పాటు ఆసక్తి ఉన్న మిగతా పిల్లలనూ కూర్చోబెట్టి బొమ్మలు చేయిస్తాం. అసలు తోలు మా చేతికి అందదు కాబట్టి దళసరి కాగితం వాడతాం. దాని మీద బొమ్మ గీసి, రంగులు వేసి, నగలూ అంచులూ ఉండే చోట చిన్న ఉలితో చిల్లులు కొడతాం. దీపం వెనక పెడితే ఆ చిల్లుల్లోంచే వెలుగు వస్తుంది. హాల్లో పది బల్లలున్నాయి. బల్లకు నలుగురు, అంటే 40 మంది. ఐదో పిల్లవాడు కూర్చుంటే మోచేతులు తగులుతాయి, సుత్తి గురి తప్పుతుంది. అందుకని 40 అన్నది నోటిమాటగా చెప్పిన సంఖ్య కాదు, దాటకూడని హద్దు.

ఆ 40 సీట్లకు సరిగ్గా 40 పేర్లు రాసుకుంటే ఏమవుతుంది? ఐదారు సీట్లు ఖాళీగా ఉంటాయి. అదే సమయంలో “పేర్లు అయిపోయాయి” అని మేము వెనక్కి పంపిన ఐదారుగురు పిల్లలు ఇంట్లో ఉంటారు. పోనీ అని 50 పేర్లు రాసుకుంటే, ఉలి పట్టుకుందామని ఆశగా వచ్చిన పిల్లలు కొందరు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలి? రైళ్లవాళ్లూ విమానాలవాళ్లూ రోజూ వేసే లెక్క ఇదే. సీట్లకు మించి పేర్లు రాసుకోవడాన్ని వాళ్లు ఓవర్‌బుకింగ్ అంటారు.

మేము ఈ ఊరికి బదిలీ మీద వచ్చినప్పుడు మాకంటే ముందున్న తెలుగు ఉపాధ్యాయులు ఒక రిజిస్టరు అప్పగించి వెళ్లారు. అందులో ఆరు కార్యశాలల వివరాలున్నాయి. మొదటిదానికి 40 పేర్లు, 34 మంది వచ్చారు. రెండోదానికి 38 పేర్లు, 33 మంది. మూడోదానికి 42, 37. నాలుగోదానికి 40, 25. ఐదోదానికి 36, 31. ఆరోదానికి 44, 38. మొత్తం 240 పేర్లు, రానివాళ్లు 42 మంది. అంటే నూటికి 17.5 మంది గైర్హాజరు. ఇంతటితో ఆగితే లెక్క చాలా తేలిక. నూటికి 82.5 మంది వస్తున్నారు కాబట్టి 40ని 0.825తో భాగించాలి. 48 వస్తుంది. 48 పేర్లు రాసుకుందాం అని తేల్చేయవచ్చు.

కానీ రిజిస్టరులోని అంకెలను కూడే ముందు ఒక్కో వరుసనూ కాస్త తడిమి చూడాలి.

మొదట చూడాల్సింది, “వచ్చినవాళ్లు” అంటే ఎవరు అన్నది. మూడో కార్యశాలలో తలలు లెక్కపెడితే 39. పేర్ల ఎదుట టిక్కులు లెక్కపెడితే 37. మిగతా ఇద్దరు పేరు ఇవ్వని చిట్టి తమ్ముళ్లు. వాళ్లను చాప మీద కూర్చోబెట్టి రంగు సుద్దలు ఇచ్చారని పక్కనే రాసి ఉంది. 39 అని తీసుకుంటే ఆరోజు రానివాళ్లు ముగ్గురే అనిపిస్తుంది. నిజానికి పేరు ఇచ్చి రానివాళ్లు ఐదుగురు. గైర్హాజరు తెలియాలంటే తలలు కాదు, టిక్కులు లెక్కపెట్టాలి. అలాగే రెండు రోజుల ముందే “మేము రాలేం టీచర్” అని చెప్పిన పిల్లలు గైర్హాజరు కిందికి రారు. వాళ్ల సీటు ఇంకొకరికి ఇచ్చే వీలు ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఖరారైన జాబితాలో ఉండి, చెప్పకుండా రానివాళ్లే అసలు లెక్క. ఆ రిజిస్టరు రాసినవారు ఈ పద్ధతే పాటించారు, అందుకే దాని మీద ఆధారపడగలిగాం.

రెండో సంగతి ఆ నాలుగో వరుస. 40కి 25 మందే వచ్చారు. మిగతా ఐదు వరుసల్లో గైర్హాజరు నూటికి 12 నుంచి 15 మధ్య ఉంది. ఇక్కడ మాత్రం 37 దాటింది. ఇలా ఒక వరుస మిగతావాటికి దూరంగా నిలబడితే, దాన్ని కూడికలో కలిపేయడానికీ కొట్టేయడానికీ ముందు కారణం వెతకాలి. కారణం మీకు తెలిసినదే. రానివాళ్లు 15 మందిలో పది మంది నాన్నలు ఒకే యూనిట్‌లో పనిచేసేవారు. ఆ వారమే యూనిట్ మొత్తం ఇంకో ఊరికి కదిలింది. పిల్లలు పేరు ఇచ్చింది మార్చిలో, కార్యశాల జరిగింది ఏప్రిల్‌లో. ఆ పది మందినీ పక్కన పెట్టి చూస్తే మిగతా 30 మందిలో రానిది ఐదుగురు. అంటే ఆ రోజు కూడా మామూలు రోజు లాంటిదే, దాని మీద ఒక బదిలీ వచ్చి పడింది అంతే.

మరి ఆ వరుసను ఏం చేయాలి? యూనిట్ కదలడం ప్రతి శనివారం జరగదు. దాన్ని సగటులో కలిపితే, బదిలీలు లేని మామూలు రోజున కూడా అంతమంది రారని నమ్మి పేర్లు ఎక్కువ రాసుకుంటాం. ఆ రోజు అందరూ వస్తే ఇరుక్కుపోతాం. పైగా బదిలీ అన్నది ముందుగా అడిగితే తెలిసే సంగతి. ఏప్రిల్‌లో కార్యశాల ఉంటే, ఏ ఇళ్లలో సామాను పెట్టెల్లోకి ఎక్కుతోందో ముందు వారమే అడిగి ఆ సీట్లు వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. అడిగి తెలుసుకోగలిగినదాన్ని అంచనా వేయనక్కర్లేదు. కాబట్టి ఆ వరుసను పక్కన పెట్టాం. మిగిలినవి 200 పేర్లు, రానివాళ్లు 27 మంది. నూటికి 13.5.

ఇప్పుడు 40ని 0.865తో భాగిస్తే 46 వస్తుంది. 48 నుంచి 46కు దిగాం. అయితే ఇది కూడా ఎక్కువే. ఎందుకో తెలుసుకోవడానికి ఏడో తరగతి పిల్లలతో చింతగింజల ఆట ఆడించాం. మీరూ ఆడి చూడవచ్చు.

ఒక గుడ్డ సంచిలో 200 చింతగింజలు వేయండి. వాటిలో 27 గింజలకు సున్నం బొట్టు పెట్టండి. బొట్టు ఉన్న గింజ అంటే రాని పిల్లవాడు. చూడకుండా ఒక గింజ తీసి, బొట్టు ఉందో లేదో రాసుకుని, మళ్లీ సంచిలో వేసి కలపాలి. ఇలా 46 సార్లు తీస్తే 46 పేర్లతో ఒక కార్యశాల జరిగినట్టు. అందులో బొట్టు గింజలు ఆరో అంతకంటే ఎక్కువో వస్తే అందరికీ సీటు దొరికినట్టు. ఐదో అంతకంటే తక్కువో వస్తే హాలు నిండి ఎవరో ఒకరు నిలబడినట్టు. తరగతిలో ఇరవై జట్లు, ఒక్కో జట్టు ఐదుసార్లు ఆడింది. మొత్తం 100 ఉత్తుత్తి కార్యశాలలు. వాటిలో 41 సార్లు హాలు పట్టలేదు.

పిల్లలు ఆశ్చర్యపోయారు. “సగటు ప్రకారమే కదా టీచర్ రాసుకున్నాం?” అన్నారు. సగటు ప్రకారం రాసుకుంటే వచ్చే తంటా అదే. 46 మందిలో సగటున 40 మంది వస్తారంటే, కొన్ని రోజులు 38, కొన్ని రోజులు 42 వస్తారని అర్థం. పెద్ద మొత్తం మీద అటూ ఇటూ సరిపోతుంది కానీ, నిరుడు ఖాళీగా మిగిలిన కుర్చీ ఈ ఏడు వచ్చిన పిల్లవాడికి పనికిరాదు. ఒక్కో రోజు లెక్క ఆ రోజుదే.

మా లెక్కల మాస్టారు ఇదే ప్రశ్నను కాగితం మీద సూత్రంతో చేసి ఇచ్చారు. 46 పేర్లు రాసుకుంటే 100 రోజుల్లో 40 రోజులు హాలు పట్టదు. మొదట అనుకున్న 48 అయితే 68 రోజులు. 44 అయితే 14 రోజులు. 43 అయితే 6 రోజులు. 42 అయితే 2 రోజులే. గమనించండి, 46 నుంచి మూడంటే మూడు పేర్లు తగ్గించేసరికి ఇబ్బంది 40 నుంచి 6కు పడిపోయింది. చివర్లో చేర్చే ఒక్కో పేరూ దానికి ముందు చేర్చిన పేరుకంటే ఎక్కువ ప్రమాదం తెచ్చిపెడుతుంది.

అయితే చింతగింజలకు అన్నదమ్ములు ఉండరు. పిల్లలకు ఉంటారు. అక్కకు జ్వరం వస్తే చెల్లినీ పంపరు. నాన్న స్కూటరు మీద దింపాల్సిన ఇద్దరూ వస్తే ఇద్దరూ వస్తారు, లేకపోతే ఇద్దరూ రారు. ఇలా జంటలుగా కదిలినప్పుడు సగటు మారదు గానీ, అటూ ఇటూ ఊగడం పెరుగుతుంది. 42 మందీ 21 జంటలే అయ్యారనుకోండి, 100కి 2 రోజులన్న ఇబ్బంది 5 రోజులవుతుంది. మా జాబితాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కొందరే ఉంటారు కాబట్టి అంత తేడా రాదు. కానీ సూత్రం చెప్పిన అంకె కంటే అసలు ప్రమాదం ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఇంకొక సందేహం దీనికంటే పెద్దది. నూటికి 13.5 అన్నది ఐదు కార్యశాలల్లో కనిపించిన సంఖ్య. ఇంకో ఐదు జరిగి ఉంటే 200కి 27 కాక 20 మందో 34 మందో గైర్హాజరై ఉండవచ్చు. రిజిస్టరు పలచగా ఉన్నప్పుడు దాని మాటను కొంచెం తగ్గించి వినాలి. అందుకని పిల్లలు సంచిలో 27 బదులు 18 గింజలకే బొట్టు ఉంచి మళ్లీ ఆడారు. అంటే గైర్హాజరు నూటికి 9 మాత్రమే అనుకుని చూశారు. అప్పుడు 43 పేర్లకే దాదాపు నాలుగు రోజుల్లో ఒక రోజు హాలు పట్టలేదు. మాస్టారి సూత్రం కూడా 100కి 24 అనే చెప్పింది. మన అంచనా తప్పి పిల్లలు అనుకున్నదానికంటే బాగా వస్తే ఏమవుతుందో ఇలా ముందే చూసుకోవాలి.

ఇంతవరకూ ఎన్ని రోజులు ఇబ్బంది అన్నదే చూశాం. ఆ ఇబ్బంది ఎవరికి అన్నది ఏడో తరగతి అమ్మాయి అడిగింది. “సీటు లేకపోతే చివర పేరు ఇచ్చినవాళ్లే కదా టీచర్ బయటికి వెళ్లాలి? చివర పేరు ఇచ్చేది కొత్తగా వచ్చినవాళ్లే కదా?” ఆ అమ్మాయి ఆ బడిలో చేరి అప్పటికి రెండు నెలలు.

అది నిజం. పాత పిల్లలకు కార్యశాల ఎప్పుడో, పేరు ఎవరికి ఇవ్వాలో ముందే తెలుసు. ఏడాది మధ్యలో టీసీ పట్టుకుని వచ్చిన పిల్లవాడికి నోటీసు బోర్డు ఎక్కడుందో తెలిసేసరికే జాబితా నిండుతుంది. ముందు వచ్చినవారికి ముందు అనే నియమం పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ మన బడుల్లో దాని అర్థం, హాలు నిండిన రోజున ఎప్పుడూ కొత్త పిల్లవాడే నిలబడతాడని. ఎన్నో బదిలీలు చూసిన మాకు ఆ గుమ్మం దగ్గర నిలబడటం ఎలా ఉంటుందో తెలుసు. 100కి 6 రోజులే కదా అని సరిపెట్టుకోలేకపోయాం.

ఈ ప్రశ్నకు మీరందరూ ప్రయాణించిన రైల్లోనే ఒక జవాబు ఉంది. ఆర్ఏసీ టికెట్ గుర్తుంది కదా? పక్కవైపు కింది బెర్తును ఇద్దరు కూర్చునే రెండు సీట్లుగా ఇస్తారు. రిజర్వేషన్ ఉన్నవాళ్లు రాకపోతే టీటీఈ ఆ ఖాళీ బెర్తును ఆర్ఏసీవాళ్లకు ఇస్తారు. ఎవరూ మానకపోయినా ఆర్ఏసీ ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీద మిగిలిపోడు. కూర్చునైనా ఊరు చేరతాడు. పైగా తన పరిస్థితి ఏమిటో టికెట్ కొన్నప్పుడే అతనికి తెలుసు.

విమానాల్లో ఇంకో జవాబు ఉంది. ఒకప్పుడు విమానం నిండిపోతే ఎవరిని దించాలో విమాన సంస్థే నిర్ణయించేది. జూలియన్ సైమన్ అనే అమెరికా ఆర్థికశాస్త్రవేత్త 1968లో ఒక సూచన చేశారు. ఎంత పరిహారం ఇస్తే తర్వాతి విమానంలో వెళ్తారో ప్రయాణికులనే అడగండి, తక్కువకు ఒప్పుకున్నవాళ్లను ఆపండి అన్నారు. పదేళ్ల తర్వాత, 1978లో, ముందుగా ఇష్టపడినవాళ్లను అడగాలన్న నియమం అక్కడ వచ్చింది. మన దేశంలోనూ విమాన సంస్థలు మొదట అలాగే అడగాలి.

ఈ రెండింటినీ కలిపి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. పేర్లు 43 రాసుకుంటాం. అంతకుముందు కార్యశాలలో బొమ్మ చేసిన తొమ్మిదో తరగతి పిల్లలను “హాలు నిండితే సీటు వదులుకుని రంగులు కలిపిపెట్టే పని చేస్తారా?” అని అడుగుతాం. ఒప్పుకున్న ముగ్గురి పేర్ల పక్కన ఆర్ఏసీ అని రాస్తాం. ఆ సంగతి వాళ్లకు చెప్పే రాస్తాం. కొత్తగా చేరిన పిల్లల పేరు పక్కన ఆ మాట ఎప్పుడూ రాయం.

ఇప్పుడు లెక్క ఎలా మారిందో చూడండి. 43 మందీ వచ్చినా ముగ్గురు లేచి రంగుల దగ్గరికి వెళ్తారు, 40 మంది బల్లల దగ్గర కూర్చుంటారు. ఎవరూ వెనక్కి వెళ్లరు. అంటే ఎన్ని పేర్లు ఎక్కువ రాసుకోవచ్చో చెప్పేది గైర్హాజరు శాతం కాదు. అందరూ వచ్చేస్తే ఎంతమందికి మర్యాదగా వేరే చోటు చూపగలమో, ఆ సంఖ్యే చెబుతుంది. ఆ చోటుకు వెళ్లేవాళ్లను ఎన్నిసార్లు కష్టపెడతామో చెప్పేది గైర్హాజరు శాతం. మా అంచనా నిజమైతే 100కి 6 సార్లు, అంచనా బాగా తప్పితే 24 సార్లు. ఆ మాత్రమైతే తొమ్మిదో తరగతివాళ్లు ఒప్పుకుంటారు. ఆరుగురిని ఒప్పించి 46 పేర్లు రాసుకోవచ్చు కదా అని ఒకరు అడిగారు. అప్పుడు 100కి 40 సార్లు ఎవరో ఒకరు సీటు వదులుకోవాలి. రెండుసార్లు అలా జరిగాక మూడోసారి ఎవరూ చేయి ఎత్తరు.

వేరే చోటు చూపలేని సందర్భాలూ ఉంటాయి. విహారయాత్ర బస్సు అలాంటిది. బస్సు నిండితే పిల్లవాణ్ణి గేటు దగ్గర వదలలేం, ఇద్దరి సీట్లో ముగ్గురిని ఇరికించలేం. అక్కడ గైర్హాజరు ఎంత ఉన్నా సీట్లు ఎన్నో పేర్లూ అన్నే. ఖాళీలు నింపాలంటే ముందురోజు ఫోన్లు చేసి, రానివాళ్ల స్థానంలో వేచి ఉన్నవాళ్లను పిలవడం ఒక్కటే మార్గం.

ఇంకా ఒక మాట. ఈ 13.5 మా బడికి చెందిన అంకె. ఇక్కడ చాలామంది స్కూలు బస్సులో వస్తారు. శనివారం బస్సు ఉండదు, ఇంట్లోవాళ్లే దింపాలి. గైర్హాజరుకు పెద్ద కారణం అదే. మేము ఇంతకుముందు పనిచేసిన చోట క్వార్టర్లు బడి గేటు ఎదురుగానే ఉండేవి. అక్కడ పేరు ఇచ్చినవాళ్లు ఇంచుమించు అందరూ వచ్చేవారు. ఇక్కడి అంకెను అక్కడికి పట్టుకెళ్తే మొదటి రోజే హాలు పొంగిపోతుంది. పద్ధతి ఊరు మారినా పనికొస్తుంది, అంకె మాత్రం పనికిరాదు.

ఏడో కార్యశాలకు 43 పేర్లు రాసుకున్నాం. 39 మంది వచ్చారు. ఆర్ఏసీ పిల్లలు ముగ్గురూ కూర్చుని బొమ్మలు చేశారు. ఒక్కసారి సరిపోయినంత మాత్రాన అంచనా నిజమని తేలదు. రిజిస్టరుకు ఇంకో వరుస చేరింది, అంతే. ఇప్పుడు 243 పేర్లు, రానివాళ్లు 31 మంది, నూటికి 12.8. అంకె కొద్దిగా తగ్గింది కాబట్టి వచ్చేసారి 44కు వెళ్లే ఆలోచన లేదు.

మా తర్వాత వచ్చేవారి కోసం ఆ రిజిస్టరులో ఒక్కో కార్యశాలకు ఐదు గడులు గీశాం. ముందురోజు సాయంత్రానికి ఖరారైన పేర్లు, వాటిలో టిక్కు పడినవి, ముందే చెప్పి మానినవాళ్లు, పేరు లేకుండా వచ్చినవాళ్లు, ఆ రోజు ప్రత్యేకంగా ఏమైనా జరిగిందా అన్నది. ఐదో గడిలో చాలాసార్లు ఏమీ ఉండదు. నాలుగో వరుస ఎదుట మాత్రం “యూనిట్ కదిలింది” అన్న రెండు మాటలు ఉన్నాయి. అవి లేకపోతే మేము 48 పేర్లు రాసుకుని ఉండేవాళ్లం.